బిల్లు ఫోటో మీది బ్యాలెన్స్‌ను ఎందుకు నమ్మకూడదు: అడ్వాన్సులు, విడత చెల్లింపుల నుంచి అసలు బాకీ తేల్చే పద్ధతి

క్లుప్తంగా: ఖాతాదారు నుంచి ఇంకా ఎంత రావాలో తేల్చడానికి చాలామంది బిల్లు ఫోటోల మీద అచ్చయిన బ్యాలెన్స్ అంకెలనే తీసుకుంటారు. ఒకే అడ్వాన్సు మూడు నాలుగు ఫోటోల్లో కనబడుతుంది కాబట్టి లెక్క అక్కడే దారి తప్పుతుంది. ప్రతి బిల్లునూ ఒక్కసారి, ముట్టిన ప్రతి సొమ్మునూ ఒక్కసారి విడివిడిగా రాసుకుని, బాకీని మనమే లెక్కకట్టాలి. అచ్చయిన బ్యాలెన్స్‌ను ఆ తర్వాత సరిచూసుకోవడానికి మాత్రమే వాడాలి. రెండింటికీ తేడా వస్తే, ఆ తేడా ఎంతన్నదాన్ని బట్టే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది.

## బ్యాలెన్స్ ఒక రోజు నాటి మాట

ఇన్‌వాయిస్ మీద ఉండే అంకెలు రెండు రకాలు. ‘ఈ సరుకు విలువ 70,000’, ‘మార్చి 24న 25,000 ముట్టింది’ లాంటివి జరిగిన సంగతులు. అవి జరిగాక మారవు. ‘బ్యాలెన్స్ 40,000’ అలాంటిది కాదు. బిల్లు రాసిన వ్యక్తి ఆ రోజున, తనకు తెలిసిన వివరాలతో చేసిన తీసివేత అది. మర్నాడు ఖాతాదారు కొంత కడితే ఆ అంకెకు కాలం చెల్లుతుంది. ఫోటో మాత్రం పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బిల్లులు రాసేవారు కొత్త బిల్లులో పాత బాకీని కలిపి చూపిస్తారు. అడ్వాన్సును ప్రతి బిల్లు మీదా గుర్తుగా వేస్తారు. ఖాతాదారు చూసి తెలుసుకోవడానికి అది సౌకర్యమే. కానీ ఆ ఫోటోలన్నీ ముందు పెట్టుకుని లెక్క చేసేవారికి ఒకే సొమ్ము నాలుగు వేర్వేరు సొమ్ముల్లా కనిపిస్తుంది.

## నాలుగు ఫోటోలు, ఒకే ఖాతాదారు

ఒక ఆర్డరు విలువ పన్నుతో కలిపి 1,20,000. సరుకు రెండు దఫాలుగా వెళ్లింది. చేతిలో నాలుగు ఫోటోలున్నాయి.

మొదటిది మార్చి 3 నాటి ప్రొఫార్మా. ఆర్డరు విలువ 1,20,000, అడ్వాన్సు 30,000, బ్యాలెన్స్ 90,000 అని ఉంది. రెండోది మార్చి 17 నాటి 118వ నంబరు ఇన్‌వాయిస్. మొదటి దఫా సరుకు 70,000, అడ్వాన్సు 30,000, బ్యాలెన్స్ 40,000. మూడోది కూడా 118వ నంబరుదే. అదే కాగితానికి కొన్నాళ్ల తర్వాత తీసిన ఇంకో ఫోటో. దాని కింది మూలన పెన్నుతో ‘24/3న 25,000 ముట్టింది, బాకీ 15,000’ అని రాసి ఉంది. నాలుగోది ఏప్రిల్ 9 నాటి 131వ ఇన్‌వాయిస్. రెండో దఫా సరుకు 50,000, పాత బాకీ 15,000, మొత్తం 65,000. దాని కింద అడ్వాన్సు 30,000, ఈ రోజు చెల్లించినది 20,000, చివర బ్యాలెన్స్ 15,000.

తొందరలో చేసే లెక్కలు సాధారణంగా మూడు రకాలుగా ఉంటాయి. నాలుగు బ్యాలెన్స్‌లూ కూడితే 1,60,000 వస్తుంది. అలా కాకుండా నాలుగు మొత్తాలూ కూడి (3,25,000), అందులోంచి కనబడిన చెల్లింపులన్నీ (1,65,000) తీసేసినా అదే 1,60,000 వస్తుంది. రెండు దారుల్లో ఒకే సమాధానం వచ్చింది కాబట్టి లెక్క సరైనదేనని అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. నిజానికి ఇవి రెండు దారులు కావు. ప్రతి ఫోటోలోనూ మొత్తంలోంచి చెల్లింపు తీసేస్తే వచ్చేదే బ్యాలెన్స్ కాబట్టి, ముందు తీసి తర్వాత కూడినా, ముందు కూడి తర్వాత తీసినా ఒకటే అంకె రావాలి. మూడో పద్ధతి చివరి ఫోటోను మాత్రమే నమ్మడం. దాని ప్రకారం బాకీ 15,000.

ఈ రెండు అంకెలూ తప్పే. ఖాతాదారు నిజంగా ఇవ్వాల్సింది 45,000.

## రెండు పట్టికలుగా విడగొట్టడం

సరైన అంకె రావడానికి నాలుగు ఫోటోల్లోని అంకెలను రెండు పట్టికల్లోకి మార్చుకోవాలి. ఒకటి బిల్లులది, రెండోది రాబడులది.

బిల్లుల పట్టికలోకి 118వ నంబరు 70,000తోనూ, 131వ నంబరు 50,000తోనూ వెళ్తాయి. ప్రొఫార్మా వెళ్లదు. ప్రొఫార్మా అంటే ఇవ్వబోయే సరుకుకు ముందస్తు అంచనా. దానివల్ల బాకీ పుట్టదు. అందులో కనిపించే 90,000 ఆర్డరులో ఇంకా డబ్బు రావాల్సిన భాగం తప్ప, ఆ రోజుకు ఖాతాదారు పడ్డ బాకీ కాదు. మార్చి 3 సాయంత్రానికి ఖాతా తీస్తే ఖాతాదారు ఇవ్వాల్సింది ఏమీ లేదు సరికదా, అతని సొమ్మే 30,000 మన దగ్గర ఉంది. ఖాతాలో ఆ రోజు అంకె −30,000 అని ఉండాలి. పాత బాకీ వరుస కూడా బిల్లుల పట్టికలోకి వెళ్లదు. ఆ 15,000 ముందే 118లో ఉంది. 131 నుంచి తీసుకోవాల్సింది 65,000 కాదు, 50,000.

రాబడుల పట్టికలోకి మూడు పద్దులు వెళ్తాయి: మార్చి 3న అడ్వాన్సు 30,000, మార్చి 24న 25,000, ఏప్రిల్ 9న 20,000. అడ్వాన్సు నాలుగు ఫోటోల్లోనూ కనిపించినా పద్దు ఒక్కటే. ఏ ఫోటోలో చూసి రాశామో ప్రతి పద్దు పక్కనా రాసుకోవడం మంచిది. అడ్వాన్సు పద్దు పక్కన నాలుగు ఫోటోల నంబర్లూ ఉంటాయి. రేపు ఎవరైనా ఐదో ఫోటో తెచ్చి ‘ఇందులో ఇంకో 30,000 ఉంది’ అంటే వెంటనే తేల్చి చెప్పవచ్చు.

ఇక బాకీ అంటే 1,20,000 లోంచి 75,000 తీసేయగా మిగిలిన 45,000. స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఖాతాదారు కోడు C07 అనుకుంటే సూత్రం ఇలా ఉంటుంది:

```
=SUMIFS(Bills!D:D,Bills!B:B,"C07",Bills!E:E,"OK")
 -SUMIFS(Receipts!D:D,Receipts!B:B,"C07",Receipts!E:E,"OK")
```

రెండు షీట్లలోనూ B నిలువు వరుసలో ఖాతాదారు కోడు, Dలో సొమ్ము, Eలో పద్దు స్థితి ఉంటాయి. రద్దయిన బిల్లును తుడిచేయకుండా దాని స్థితిని OK నుంచి మార్చేస్తే చాలు, లెక్కలోంచి తప్పుకుంటుంది, ఆనవాలు మాత్రం ఉంటుంది.

## తేడా ఎంతో చూస్తే తప్పేదో తెలుస్తుంది

మన లెక్క 45,000, చివరి ఫోటో 15,000. తేడా 30,000. సరిగ్గా అడ్వాన్సు అంత. పాత బాకీ 15,000 అనేది 70,000 లోంచి అడ్వాన్సు 30,000, ఆపైన 25,000 తీసేశాక మిగిలినది. అంటే అడ్వాన్సు అందులో ఒకసారి చెల్లిపోయింది. 131వ బిల్లు రాసేటప్పుడు దాన్ని మళ్లీ తీసేశారు. బిల్లు నమూనాలో అడ్వాన్సు వరుస శాశ్వతంగా ఉండిపోయి, ప్రతి బిల్లులోనూ తనంతట తానే తీసివేతకు వస్తున్నప్పుడు ఈ తప్పు జరుగుతుంది.

అలాగని రెండో బిల్లులో అడ్వాన్సు కనబడితే ప్రతిసారీ తప్పు పట్టనక్కర్లేదు. 118 మీద అడ్వాన్సు తీయకుండా పాత బాకీని 45,000గా (70,000లోంచి 25,000 మాత్రమే తీసి) చూపించి ఉంటే, 131లో అడ్వాన్సు తీయడమే సరైనది. 45,000కు 50,000 కలిపి, 30,000, 20,000 తీసేస్తే మళ్లీ 45,000 వస్తుంది. ఒకే వరుస పైన ఉన్న పాత బాకీని బట్టి ఒకచోట ఒప్పు, ఇంకోచోట తప్పు. అందుకే అడ్వాన్సు వరుసను విడిగా చూసి నిర్ణయించకూడదు. ‘ఈ పాత బాకీలో అడ్వాన్సు ముందే పోయిందా?’ అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

తేడాలను వెతికే వరుస ఇలా ఉంటే పని త్వరగా తెములుతుంది. ముందు ఆ తేడా ఏదైనా ఒక రాబడికి సమానమా చూడాలి. సమానమైతే ఆ రాబడి రెండుసార్లు పడింది, లేదా ఒకచోట అసలు పడలేదు. రాబడికి సరిగ్గా రెట్టింపు అయితే, తీసేయాల్సిన దాన్ని ఎవరో కలిపారు. ఏ పద్దుతోనూ కలవకుండా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంటే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 25,400ను 24,500గా రాస్తే తేడా 900. సున్నా ఎగిరిపోయి 75,000 కాస్తా 7,500 అయినా తేడా 67,500. అదీ 9తో భాగింపబడుతుంది. ఈ పరీక్షను మొదట పెట్టకూడదు. 45,000 లాంటి మామూలు చెల్లింపులు కూడా 9తో భాగింపబడతాయి కాబట్టి లేనిపోని అనుమానం పుడుతుంది.

## ‘చెల్లించినది’ అంటే ఏ చెల్లింపు?

ఫోటోల్లో ఎక్కువ గందరగోళం తెచ్చేది ‘పెయిడ్’ అనే వరుస. కొన్ని బిల్లుల్లో దాని అర్థం ‘ఈ బిల్లుతో ఇప్పుడు కట్టినది’. మరికొన్నింటిలో ‘మొదటి నుంచి ఇప్పటివరకు కట్టినది మొత్తం’. పేరు ఒకటే కావడంతో ఆ మాటను బట్టి పోల్చుకోవడం కుదరదు.

పై ఉదాహరణలోనే 131వ బిల్లును ఇంకోలా రాశారనుకుందాం: ఆర్డరు మొత్తం 1,20,000, చెల్లించినది 75,000, బ్యాలెన్స్ 45,000. అంకెలన్నీ నిజమే. కానీ ఆ 75,000ను ఏప్రిల్ 9 నాటి కొత్త రాబడిగా రాసుకుంటే పట్టికలో 30,000, 25,000, 75,000 చేరి మొత్తం 1,30,000 అవుతుంది. బాకీ −10,000 చూపిస్తుంది, అంటే ఖాతాదారే 10,000 ఎక్కువ కట్టినట్టు. బిల్లులన్నీ ఇచ్చేశాక కూడా బాకీ సున్నా కంటే కిందికి పోతే, మొదట అనుమానించాల్సింది ఈ కూడిక వరుసనే.

దీన్ని ముందే పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. కొత్త ఫోటోలో కనబడిన చెల్లింపులోంచి, అప్పటికి పట్టికలో ఉన్న రాబడుల మొత్తాన్ని తీసేసి చూడాలి. 75,000లోంచి 55,000 పోతే 20,000. ఆ 20,000కు ఏప్రిల్ 9న బ్యాంకు ఖాతాలోనో నగదు పుస్తకంలోనో ఆధారం దొరికితే ఆ వరుస కూడిక వరుసే. 20,000కు కాకుండా 75,000కే ఆధారం దొరికితే అది విడి చెల్లింపు.

## పన్ను దగ్గర జారే కాలు

అడ్వాన్సును పన్ను వేయకముందు తీయాలా, వేశాక తీయాలా అన్నది చిన్న విషయంలా కనిపించినా అంకెను మార్చేస్తుంది. సరుకు 1,00,000, పన్ను 10 శాతం, అడ్వాన్సు 30,000 అనుకుందాం. పన్ను కలిపాక తీస్తే 1,10,000లోంచి 30,000 పోయి బాకీ 80,000. ముందే తీసి మిగిలిన 70,000 మీద పన్ను వేస్తే బాకీ 77,000. తేడా 3,000, అంటే అడ్వాన్సు మీద పడాల్సిన పన్ను.

అడ్వాన్సు అంటే ఖాతాదారు కట్టిన డబ్బు, ధరలో తగ్గింపు కాదు. కాబట్టి మామూలుగా పన్నుతో కలిసిన మొత్తంలోంచే తీయాలి. అయితే అడ్వాన్సుకే విడిగా పన్ను బిల్లు ఇచ్చిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఖాతాదారు ముందే 30,000తో పాటు 3,000 పన్ను కూడా కట్టి ఉంటాడు. చివరి బిల్లు 77,000 రావడం సరైనదే, రెండూ కలిస్తే 1,10,000 అవుతుంది. చివరి బిల్లు ఫోటో ఒక్కటే చూస్తే ఈ రెండు పరిస్థితులకూ తేడా తెలియదు. అడ్వాన్సు తాలూకు కాగితం రసీదా, పన్ను బిల్లా అన్నది చూశాకే నిర్ణయించాలి. పన్ను బిల్లయితే దాన్ని బిల్లుల పట్టికలో 33,000గా, చివరి బిల్లును 77,000గా రాసుకోవాలి. చివరి బిల్లు మొత్తాన్ని 1,10,000గా రాస్తే అడ్వాన్సు బిల్లు విలువ రెండుసార్లు పడుతుంది.

## ఫోటో చదవడంలో వచ్చే తప్పులు

ఇప్పటివరకు చెప్పినవి బిల్లు రాసేటప్పుడు, పద్దు వేసేటప్పుడు జరిగే తప్పులు. ఫోటోను చదివేటప్పుడు, కంటితో అయినా అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో అయినా, జరిగేవి వేరు. పెన్నుతో రాసిన 1, 7లా కనిపిస్తుంది. ‘పెయిడ్’ ముద్ర మొత్తం అంకె మీదే పడి 3ను 8గా మారుస్తుంది. కాగితం మడత మీద కామా పోతుంది. కొన్ని చోట్ల కామా వేలను విడదీస్తే, మరికొన్ని చోట్ల దశాంశాన్ని సూచిస్తుంది, అక్కడ వేలను చాలాసార్లు చుక్క విడదీస్తుంది; 1.250 అంటే ఒకటింపావా, పన్నెండు వందల యాభయ్యా అన్నది అదే బిల్లులోని మిగతా అంకెలు చూస్తే గానీ చెప్పలేం. బ్రాకెట్లలో ఉన్న (5,000) చాలా బిల్లుల్లో తీసివేతకు గుర్తు. బ్రాకెట్లు వదిలేసి చదివితే తీసేయాల్సింది కలుస్తుంది.

ఈ తప్పులను పట్టడానికి ఒక్కో ఫోటోలోనే పరీక్ష ఉంది: మొత్తంలోంచి చెల్లింపులు తీసేస్తే అచ్చయిన బ్యాలెన్స్ రావాలి. రాకపోతే చాలాసార్లు చదవడంలోనే పొరపాటు జరిగి ఉంటుంది, ఆ ఫోటోను మళ్లీ చూడాలి. కానీ ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన బిల్లు సరైనదని కాదు. నాలుగో ఫోటోనే చూడండి: 65,000లోంచి 30,000, 20,000 తీస్తే 15,000 చక్కగా వస్తుంది. అయినా ఆ బాకీ తప్పు. ఫోటో లోపలి లెక్క కుదరకపోతే చదవడాన్ని, లోపలి లెక్క కుదిరి ఖాతాతో కలవకపోతే బిల్లు రాయడాన్ని అనుమానించాలి. ఈ రెండు పరీక్షలనూ వేరువేరుగా ఉంచుకుంటే ఎవరిని అడగాలో, ఏ కాగితం తిరగెయ్యాలో వెంటనే తెలుస్తుంది.

ఒకే బిల్లు రెండు ఫోటోలుగా వచ్చిందో లేదో తేల్చడం ఇంకో పని. ఫైలు హాష్‌తో, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తింపు కోడుతో, పోల్చడం మీద ఆధారపడితే సరిపోదు. మెసేజింగ్ యాప్‌ల ద్వారా వచ్చే ఫోటో చాలాసార్లు కుదించబడుతుంది, దాంతో హాష్ మారిపోతుంది. చూపుకు పోలికను బట్టి వెతికే పద్ధతులకు ఎదురు సమస్య: ఒకే నమూనాలో అచ్చయిన 118, 131 రెండూ ఒకే బిల్లులా అనిపిస్తాయి. నమ్మదగిన గుర్తు బిల్లు ఇచ్చినవారి పేరు, బిల్లు నంబరు కలిపిన జత. రెండు ఫోటోలకు ఆ జత ఒకటే అయితే బిల్లు ఒకటే. మొత్తాలు వేరుగా ఉంటే అది సవరించిన బిల్లు. ఏది చెల్లుతుందో తేల్చుకుని రెండోదాన్ని రద్దు స్థితిలో పెట్టాలి.

రాబడులకు అలాంటి నంబరు ప్రతిసారీ ఉండదు. బ్యాంకు ద్వారా వచ్చిన వాటికి లావాదేవీ నంబరు ఉంటుంది, నగదుకు రసీదు నంబరు ఉంటే ఉంటుంది. అదీ లేకపోతే తేదీ, సొమ్ము, చెల్లించిన తీరు ఈ మూడూ కలిపి చూడాలి. సొమ్ము ఒక్కటే సమానంగా ఉందని రెండు పద్దులను ఒకటి చేయడం మాత్రం పెద్ద తప్పు. నెలనెలా 10,000 చొప్పున కట్టే ఖాతాదారుకు అన్ని పద్దులూ ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని తీసేస్తే అతను కట్టిన డబ్బును మళ్లీ కట్టమని అడిగినట్టవుతుంది. ఇలా అడగడం వల్ల పోయే నమ్మకం, 10,000 రావడం ఆలస్యమైనదానికంటే ఖరీదైనది. తేదీ చదవడం కుదరని పద్దు వస్తే కలపకుండా, తీసేయకుండా ‘తేలాల్సినది’గా ఉంచి ఖాతాదారునే అడగడం మేలు.

## ఫోటోలు చెప్పలేనివి

చివరి ఫోటో తీశాక ముట్టిన డబ్బు ఏ ఫోటోలోనూ ఉండదు. ‘చెక్కు ద్వారా 20,000 అందింది’ అని రాసి ఉన్నా, ఆ చెక్కు చెల్లిందో, తిరిగి వచ్చిందో బిల్లు మీద కనిపించదు. బ్యాంకులో జమ అయ్యేవరకు ఆ పద్దు స్థితిని OK చేయకుండా ఉంచాలి. అప్పటిదాకా మన ఖాతాదారు బాకీ 45,000 కాదు, 65,000. సరుకు వెనక్కి వచ్చి క్రెడిట్ నోట్ ఇచ్చి ఉంటే అదీ వేరే కాగితం. దాన్ని రాబడుల వైపే, డబ్బు కాదని తెలిసేలా వేరే రకంగా రాసుకోవాలి. ఖాతాదారు ఏదైనా కోత విధించుకుని కట్టినప్పుడు కూడా అంతే: ముట్టినది ఒక పద్దు, కోత ఒక పద్దు. రెండూ కలిపి ఒక్క అంకెగా రాస్తే బ్యాంకు ఖాతాతో పోల్చినప్పుడు కలవదు.

అందువల్ల ఖాతాదారుకు పంపే వివరణలో బాకీ అంకె పక్కన ‘ఏ తేదీ వరకు’ అన్నది తప్పకుండా ఉండాలి. పై ఉదాహరణకు అది ఐదు వరుసల్లో సరిపోతుంది: మార్చి 3 అడ్వాన్సు జమ 30,000, ఖాతా −30,000; మార్చి 17 బిల్లు 118, 70,000, ఖాతా 40,000; మార్చి 24 జమ 25,000, ఖాతా 15,000; ఏప్రిల్ 9 బిల్లు 131, 50,000, ఖాతా 65,000; ఏప్రిల్ 9 జమ 20,000, ఖాతా 45,000. మొదట ఇచ్చిన 131వ బిల్లు మీద 15,000 అని ఉంది కాబట్టి ఖాతాదారు ఆ అంకెనే గుర్తుపెట్టుకుని ఉంటాడు. అడ్వాన్సు రెండుసార్లు తీసివేతకు వచ్చిన సంగతి కింద ఒక వాక్యంలో రాసి, సవరించిన 131వ బిల్లును ఈ ఐదు వరుసలకు జతచేసి పంపాలి.